పర్లాకిమిడిలో ఒక ఘనపు మీటరు ఇటుక గోడ ఎంత పడుతుంది: రేటు డేటా కట్టే పద్ధతి, అంకెలతో సహా

మా పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రాలో ఉంది. మధ్యలో నాలుగు అడుగులు వేస్తే ఇటుక కొలత మారుతుంది, కూలి మాట్లాడే తీరు మారుతుంది, లెక్క పేరు కూడా మారుతుంది. అటు ఇంజినీర్లు "డేటా" అంటారు, ఇటు ఆఫీసుల్లో "అనాలిసిస్" అంటారు. అటు నుంచి వచ్చే తాపీ మేస్త్రి వెయ్యి ఇటుకకు ఇంత అని అడుగుతాడు, ఇటు మిస్త్రీ రోజుకూలి చెప్తాడు. మనం బిల్లు పెట్టేది మాత్రం ఘనపు మీటర్లలో. ఈ మూడింటినీ ఒక కాగితం మీద కలపడమే రేటు డేటా.

దీన్ని నేను నేర్చుకున్నది నష్టపోయాకే. కొన్నేళ్ల కిందట సుమారు 60 ఘనపు మీటర్ల ఇటుక పని ఉన్న ఒక గోదాము కట్టాను. ఇటుకల సంఖ్య ఒక చోటు నుంచి, సిమెంటు మాలు లెక్క ఇంకో పాత కాగితం నుంచి తీసుకుని రేటు వేశాను. కిటికీ పైమట్టం దాటాక మేస్త్రి కిందికి దిగి వచ్చాడు. "ఏటి బాబూ, ఇటుక అయిపోతంది, గోడేమో ఇంకా ఉండిపోనాది" అన్నాడు. దొంగలు పట్టుకుపోయారేమోనని రెండు రోజులు కాపలావాడిని అనుమానించాను. దొంగ నా కాగితంలోనే ఉన్నాడు. అదెలాగో కింద ఇటుకల లెక్క దగ్గర చెప్తాను.

ఈ మార్గదర్శికి తీసుకున్న పని ఇది: నేలమట్టం పైన, ఫ్లై యాష్ ఇటుకతో, 1:6 సిమెంటు మాలుతో, 230 మిల్లీమీటర్ల మందం గోడ. ఇందులోని ధరలు లెక్క చూపడానికి నేను పెట్టుకున్నవి, అన్నీ జీఎస్టీ తీసేసిన ధరలు. మీ ఊళ్లో ధరలు వేరే ఉంటాయి. వాటిని మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి అడుగు: ఇటుకను కొలవండి, ఆ తర్వాత గోడను కొలవండి

ఫ్యాక్టరీవాడు చెప్పిన కొలత రాసుకోకండి. వచ్చిన లోడులోంచి చేతికి దొరికినవి 20 ఇటుకలు తీసి, చదునైన నేల మీద పొడవు వెంట సందు లేకుండా పేర్చి టేపు పట్టండి. నా లోడులో 4.60 మీటర్లు వచ్చింది, అంటే ఒక్కోటి 230 మిల్లీమీటర్లు. అలాగే వెడల్పు వెంట పేరిస్తే 110, ఎత్తు వెంట పేరిస్తే 75 తేలింది. ఒకే ఇటుకను కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కనపడదు. ఇరవైటిని కలిపి కొలిస్తే దాచుకోలేదు.

ఇక సందు మందం. పుస్తకం 10 మిల్లీమీటర్లు అంటుంది, మేస్త్రి చెయ్యి దానికంటే కొంచెం ఉదారంగా ఉంటుంది. అదే మేస్త్రి కట్టిన పాత గోడ దగ్గరికి వెళ్లి, ఒక వరస అడుగు నుంచి లెక్కపెట్టి పది వరసలు ఎక్కడ పూర్తవుతాయో చూసి ఎత్తు కొలవండి. మావాళ్ల గోడలో 870 మిల్లీమీటర్లు వచ్చింది. ఒక్కో వరస 87 అంటే, ఇటుక 75 పోగా సందు 12. పొడవులో పది ఇటుకలు కొలిస్తే 2.42 మీటర్లు వచ్చింది, అక్కడా 12. ఈ 12 అనే అంకె మీద మీ సిమెంటు ఖర్చు సగం ఆధారపడి ఉంటుంది కాబట్టి ఊహించుకోవద్దు.

రెండో అడుగు: ఇటుకలు ఎన్ని, మాలు ఎంత

మనలో చాలామంది చేసే లెక్క ఇది. ఇటుక మూడు కొలతలకీ సందు కలిపి గుణించి, 1ని దానితో భాగిస్తాం.

```
1 / (0.242 × 0.122 × 0.087) = 389
```

ఇక్కడే తప్పు జరుగుతుంది. 230 మిల్లీమీటర్ల గోడ మందంలో రెండు ఇటుకలు పక్కపక్కన ఉంటాయి, వాటి మధ్య ఒక్క సందే ఉంటుంది: 110 + 10 + 110. గోడ బయటి ముఖానికి సందు ఉండదు, అక్కడ గాలి ఉంటుంది. పైన వేసిన లెక్క మాత్రం ప్రతి ఇటుక వెడల్పుకీ ఒక సందు కలిపి, గోడను 244 మిల్లీమీటర్ల మందం చేసేసింది. బిల్లులో మనకు కొలిచేది 230. కాబట్టి గోడ మందాన్నే తీసుకుని, అందులో రెండు ఇటుకలు అని లెక్క వేయాలి.

```
2 / (0.242 × 0.087 × 0.230) = 413
```

389కీ 413కీ మధ్య 24 ఇటుకలు. అంటే వందకు ఆరు. పుస్తకాల్లో కనపడే 500 అనే సంఖ్య ఇంకో ఇటుకది: 190 × 90 × 90 మిల్లీమీటర్ల మాడ్యులర్ ఇటుక, సందుతో కలిపి 200 × 100 × 100గా లెక్క కట్టినది. మన దగ్గర లోడుల్లో వచ్చే ఇటుకకు దాన్ని అంటించకూడదు. నాటు బట్టీ ఇటుకకైతే అసలే వద్దు, అక్కడ బట్టీ బట్టీకీ కొలత వేరు.

మాలు లెక్క ఇటుకల లెక్క నుంచే రావాలి. ఒక ఇటుక ఘనపరిమాణం 0.23 × 0.11 × 0.075, అంటే 0.0018975 ఘనపు మీటర్లు. 413 ఇటుకలు కలిపి 0.784 ఆక్రమిస్తాయి. ఘనపు మీటరులో మిగిలింది 0.216. ఆ ఖాళీ అంతా మాలే.

ఇప్పుడు నా గోదాము సంగతి. అందులో ఇటుకలు 389 రాశాను. మాలు మాత్రం సన్నటి సందులున్న పనికి ఎవరో వేసిన పాత కాగితం చూసి 0.20 రాశాను. 389 ఇటుకల పరిమాణం 0.738, దానికి 0.20 కలిపితే 0.938. ఘనపు మీటరు గోడకి డబ్బు తీసుకున్నాను గానీ, 0.062 ఘనపు మీటర్లకు నా కాగితంలో ఇటుకా లేదు, మాలూ లేదు, గాలి ఉంది. ఇప్పటి ధరల్లో చూస్తే అది ఘనపు మీటరుకి సుమారు ₹256. అరవైకి ₹15,000 దాటింది. కింద లాభం ఎంత వస్తుందో చూశాక ఈ అంకె వైపు మళ్లీ ఒకసారి చూడండి.

అందుకే ఎవరి డేటా చేతికి వచ్చినా నేను మొదట చేసే పని ఒక్కటే: నికర ఇటుకల పరిమాణం, తడి మాలు పరిమాణం కూడతాను. 1 రాకపోతే ధరలు చూడను. వృథా కలిపిన అంకెలతో ఈ పరీక్ష చేయకండి, 1 కంటే ఎక్కువ వచ్చి మోసపోతారు. వృథా కలపకముందు చేయాలి.

ఇంకో చిన్న సంగతి. కింద వచ్చే ధరల్లో ఒక ఘనపు మీటరు ఇటుక (సందులు లేకుండా) సుమారు ₹3,794, ఒక ఘనపు మీటరు మాలు సుమారు ₹3,792. రెండూ దాదాపు సమానం. అంటే ఈ ధరల దగ్గర సందు లావు చేసినా సన్నం చేసినా సామాను ఖర్చు పెద్దగా మారదు. ఇటుక ధర పెరిగిందంటే మాత్రం సందులు లావెక్కడం మొదలవుతుంది, గమనించండి. మేస్త్రికి కూడా అది ఇష్టమే, పని తొందరగా సాగుతుంది. అప్పుడు పది వరసల కొలత 870 నుంచి 900 వైపు జరుగుతుంది.

మూడో అడుగు: వృథా ఎక్కడెక్కడ, ఒక్కసారే

ఇటుకకు వృథా అంటే మూడు చోట్ల పోయేది: లారీలో పగిలింది, దించేటప్పుడు పగిలింది, మూలల్లో కోసింది. పగిలినవన్నీ వృథా కావు. సరిగ్గా సగానికి విరిగింది తలుపు పక్కనో గోడ చివరో పనికొస్తుంది. వరసకు వరసకు సందులు తప్పించడానికి సగాలు ఎలాగూ కావాలి. చూర అయినవే లెక్క. ఒక లోడు దించాక పనికిరాని ముక్కలు ఒక పక్క పోగు వేయించి, గోడ అయ్యాక లెక్కపెడితే మీ సొంత శాతం దొరుకుతుంది. నేను 4 శాతం వేస్తాను. 413కి 4 శాతం కలిపితే 430.

మాలుకు 10 శాతం: తట్టలోంచి ఒలికింది, గోడ అడుగున పడింది, సాయంత్రానికి మిగిలి గట్టిపడింది. 0.216కి అది కలిపితే 0.238, దాన్ని 0.24 చేశాను. సిమెంటుకు మళ్లీ విడిగా రెండు శాతం, ఇసుకకు మళ్లీ ఐదు శాతం అంటూ మాలు వృథానే ఇంకోసారి వేస్తే అది రెండోసారి లెక్క. ఇసుకకు మాత్రం మాలుకు సంబంధం లేని రెండు నష్టాలు ఉన్నాయి, వాటిని కలపాలి.

కేంద్ర ప్రజా పనుల శాఖ డేటాలో 1:6 మాలు ఒక ఘనపు మీటరుకి 250 కిలోల సిమెంటు, 1.07 ఘనపు మీటర్ల ఇసుక వేస్తారు. నేనూ అదే తీసుకుంటాను. 0.24కి సిమెంటు 60 కిలోలు, అంటే 1.2 బస్తాలు. ఇసుక 0.257 ఘనపు మీటర్లు. ఈ 0.257 పొడి ఇసుక. మనకు ట్రాక్టరులో వచ్చేది ఏటి ఇసుక, చెమ్మతో ఉబ్బి ఉంటుంది. ఎంత ఉబ్బిందో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. నిలువు గోడల గాజు సీసాలో తడి ఇసుక వదులుగా పోసి ఎత్తు చూడండి. తర్వాత అందులో నీళ్లు నిండుగా పోసి పుల్లతో కలిపి, ఇసుక కూర్చున్నాక మళ్లీ చూడండి. మాది 24 సెంటీమీటర్ల నుంచి 20కి దిగింది. 20కి 4 ఎక్కువ, అంటే 20 శాతం ఉబ్బు. కాబట్టి కొనవలసింది 0.308. జల్లెడలో పోయే గులకరాళ్లకీ వేర్లకీ 5 శాతం కలిపితే 0.324 ఘనపు మీటర్లు, అంటే 11.43 ఘనపుటడుగులు.

ఈ ఉబ్బు సంగతి కలిపేటప్పుడు కూడా గుర్తుండాలి. ఒక బస్తా సిమెంటు 35 లీటర్లు. ఆ లెక్కన చేసిన పెట్టెతో ఆరు పెట్టెలు తడి ఇసుక వేస్తే నిజానికి పడేది ఐదే. మాలు బలంగానే ఉంటుంది, సిమెంటు మాత్రం మీ లెక్క దాటుతుంది. సిమెంటు ఎక్కువ ఖర్చవుతోందని మేస్త్రిని నిలదీసే ముందు ఆ రోజు ఇసుక తడి చూడండి.

ధర రాసేటప్పుడు ఇసుక ఏ రాష్ట్రం ఏటి నుంచి వస్తుందో అదే రాష్ట్రం ధర రాయండి. సరిహద్దు దగ్గర పని చేసేవాళ్లకి ఇది పెద్ద బోను. అటు చవకగా ఉందని ఆ ధర డేటాలో రాసుకుని, చెక్‌పోస్టు దగ్గర కాగితాలు అడిగాక ఇటు ఏటి ఇసుక కొనుక్కున్నవాళ్లు నాకు తెలుసు.

సామాను మొత్తం ఇలా తేలింది:

| సామాను | పరిమాణం | ధర | మొత్తం |
|---|---|---|---|
| ఇటుక, రవాణా, దింపుడు కలిపి | 430 | ₹7.20 | ₹3,096 |
| సిమెంటు, దింపుడు కలిపి | 1.2 బస్తా | ₹330 | ₹396 |
| ఇసుక, పని చోటికి చేర్చి | 11.43 ఘనపుటడుగులు | ₹45 | ₹514 |
| మొత్తం | | | ₹4,006 |

ఇటుక ₹7.20లో ఫ్యాక్టరీ ధర 6, లారీ బాడుగ 90 పైసలు, దింపుడు 30 పైసలు. దింపుడు కూలిని ఇక్కడ వేశాం కాబట్టి కూలీల లెక్కలో మళ్లీ వేయకూడదు.

నాలుగో అడుగు: కూలి

ఈ భాగానికి పుస్తకం కంటే మీ నోటుబుక్కు మేలు. ఒక గోడ ఎంచుకుని, ఎవరెవరు ఎన్ని రోజులు పని చేశారో రాయండి, చివర గోడ కొలవండి. నేను రాసుకున్నది 12 మీటర్ల పొడవు, 2.9 మీటర్ల ఎత్తు, 0.23 మందం గోడ. తలుపులు, కిటికీలు లేవు. పరిమాణం 8 ఘనపు మీటర్లు. ఇద్దరు తాపీ మేస్త్రులు, ముగ్గురు కళాసీలు (వీళ్లనే ఇటు మూలియా అంటారు): ఒకరు మాలు కలపడానికి, ఇద్దరు మోయడానికి.

మొదటి రోజు 1.5 ఘనపు మీటర్లే లేచింది. మూలమట్టం పెట్టడం, దారం కట్టడం, మొదటి వరస సరిచేయడంతో సగం పొద్దు పోయింది. రెండో రోజు 2.4, మూడో రోజు 2.5. నాలుగో రోజు పరంజీ మీదికి ఎక్కారు, ఇటుక కింది నుంచి చేతులు మారుతూ వెళ్లింది, 1.6 దగ్గర ఆగింది. మూడో రోజు వేగాన్ని చూసి రేటు వేసేవాడు ప్రతి పనిలోనూ నష్టపోతాడు. నాలుగు రోజులూ కలిపి చూడాలి: 8 మేస్త్రి రోజులు, 12 కళాసీ రోజులు, 8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 1 మేస్త్రి, 1.5 కళాసీ.

మేస్త్రికి ₹800, కళాసీకి ₹480 వేశాను. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే కూలి. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే తక్కువ రాసిన డేటా ఆఫీసులో నిలవదు, అందుకని టెండరు నాటి జాబితా చూసుకుని రాయండి. మేస్త్రి 800, కళాసీలు 720, మొత్తం ₹1,520.

దీనికి తడుపుడు కలపాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, 7 రోజులు. అంటే 7 గంటలు, ఇంచుమించు 0.9 రోజు. 8 ఘనపు మీటర్లకు పంచితే 0.11 కళాసీ, ₹53. మొత్తం కూలి ₹1,573. మేస్త్రి గుత్తకు మాట్లాడితే తడుపుడు ఎవరిదో ముందే తేల్చుకోండి. తేల్చుకోని చోట అది ఎవరూ చేయరు. గోటితో గీస్తే సందులోని మాలు ఇసుకలా రాలిందంటే తడుపుడు ఎగ్గొట్టారనే అనుమానించాలి.

గుత్త రేటును రోజుకూలితో పోల్చే తీరు చూడండి. ₹1,520ని 413తో భాగిస్తే ఇటుకకు ₹3.68, అంటే వెయ్యికి ₹3,680. ఘనపుటడుగుకైతే ₹43. పాతపట్నం వైపు మేస్త్రి వెయ్యికి ₹3,500 అన్నాడనుకుందాం. చవకే అనిపిస్తుంది. కానీ అతను లెక్కపెట్టేది గోడలో ఇటుకలా, లోడులో ఇటుకలా? గోడలో అయితే ఘనపు మీటరుకి ₹1,446. లోడు లెక్కన 430 అయితే ₹1,505, అంటే రోజుకూలి కంటే మిగిలేది ₹15. "వచ్చిన ఇటుకకా, కట్టిన ఇటుకకా, మేస్త్రీ?" అని అడిగాకే బయానా ఇవ్వండి.

పనిదినాల సంగతి కూడా ఇక్కడే. జూన్‌లో రొజొ పండగ మూడు రోజులు ఇటు కూలీలు రారు, సంక్రాంతికి అటువాళ్లు రారు. రానిరోజుకి కూలి ఇవ్వం కాబట్టి ఇది కూలి లెక్కలోకి రాదు, పని సాగే నెలల్లోకి వెళ్తుంది. దాని దెబ్బ ఆరో అడుగులో కనపడుతుంది.

ఐదో అడుగు: పరంజీ, నీళ్లు, చిల్లర

ఆ గోడకు పైపులు, పలకల అద్దె ₹600 అయింది, ఘనపు మీటరుకి ₹75. నీళ్లకు ₹40, తాపీలు, తట్టలు, దారాలు, జల్లెడ అరుగుదలకు ₹30. మొత్తం ₹145. కేంద్ర ప్రజా పనుల శాఖ పద్ధతిలో నీళ్లకు 1 శాతం వేస్తారు. బోరు ఉన్న చోట ఆ శాతం అవసరానికి మించుతుంది, ఎండాకాలంలో ట్యాంకరు తెచ్చే చోట చాలదు.

సామాను 4,006, కూలి 1,573, చిల్లర 145. నేరుగా గోడ మీద పెట్టిన ఖర్చు ₹5,724.

ఆరో అడుగు: ఓవర్‌హెడ్, లాభం వేరు చేయడం

కేంద్ర ప్రజా పనుల శాఖ లాభం, ఓవర్‌హెడ్ కలిపి 15 శాతం అంటుంది. ఆంధ్రా ఎస్టిమేట్లలో 13.615 అని మూడు దశాంశాలతో ఒక అంకె కనపడుతూ వచ్చింది. ఆఫీసు ఎస్టిమేటుకు ఆఫీసు అంకెనే వాడాలి, అందులో మన ఇష్టం లేదు. టెండరులో మన రేటు వేసుకునేటప్పుడు మాత్రం మన ఓవర్‌హెడ్ ఎంతో మనకు తెలియాలి.

నేరుగా ఖర్చు ₹12 లక్షలయ్యే పని, నాలుగు నెలలు అనుకోండి. సూపర్‌వైజరుకి నెలకు 12,000 చొప్పున 48,000. షెడ్డు, కాపలా 16,000. పెట్రోలు, ఫోను 12,000. పరీక్షలు, కాగితాలు 6,000. డిపాజిట్ల మీద, ఆలస్యమైన బిల్లుల మీద వడ్డీ 14,000. మొత్తం ₹96,000, అంటే 8 శాతం.

ఇందులో మొదటి మూడూ నెలతో నడిచేవి: నెలకు ₹19,000. వానల వల్ల పని రెండు నెలలు సాగితే, వడ్డీ పెరగదనుకున్నా, ఇంకో ₹38,000. మొత్తం ₹1,34,000, అంటే 11 శాతం దాటింది. గోడలో ఒక్క ఇటుక పెరగలేదు, లాభంలోంచి 3 శాతం పోయింది. ఆషాఢంలో మొదలయ్యే పనికీ, పుష్యంలో మొదలయ్యే పనికీ ఒకే ఓవర్‌హెడ్ వేయకూడదని నేననేది ఇందుకే.

5,724 మీద 8 శాతం ₹458, మొత్తం 6,182. దీని మీద లాభం 7.5 శాతం ₹464. లాభం నేరుగా ఖర్చు మీద వేయాలా, ఓవర్‌హెడ్ కలిపాక వేయాలా అన్నది టెండరు షరతుల్లో ఉంటే అదే, లేకపోతే కలిపాకే వేస్తాను, ఎందుకంటే ఓవర్‌హెడ్ కూడా నా జేబులోంచి పెట్టిందే. మొత్తం ₹6,646.

గోదాము కాగితంలో పోయిన ₹256ను ఈ ₹464 పక్కన పెట్టి చూడండి. సగానికి పైగా.

ఏడో అడుగు: కోతలు, పన్ను

ప్రభుత్వ బిల్లులో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం కోస్తారు. అది బిల్లు మొత్తం మీద కోత కాబట్టి 6,646కి 1 శాతం కలిపితే చాలదు, 0.99తో భాగించాలి.

```
6646 / 0.99 = 6713
```

ఇక్కడ తేడా పైసల్లోనే ఉంది, అలవాటు మాత్రం పెద్ద కోతల దగ్గర పనికొస్తుంది. ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్‌ని ఇందులో కలపకండి. అది ఖర్చు కాదు, మన పన్నులోంచి ముందే తీసుకున్నది.

జీఎస్టీ చివర, విడిగా వేయాలి. 18 శాతం అంటే ₹1,208. సామాను మీద కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకునేవాళ్లు నాలాగా పన్ను లేని ధరలు వేసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇళ్ల పనులు చేసేవాళ్లకి క్రెడిట్ రాదు, వాళ్లు దుకాణంలో కట్టిన పూర్తి ధరే వేసుకుని, చివర జీఎస్టీ వేయకూడదు. ఈ రెండింటినీ కలిపేస్తే ఒకే సిమెంటు మీద రెండుసార్లు పన్ను పడి, టెండరు పోతుంది.

పన్ను లేకుండా ఘనపు మీటరు రేటు ₹6,713. ఇది నేలమట్టం పైన, మొదటి అంతస్తు వరకు, 230 మందం గోడకే. అర ఇటుక మందం అడ్డుగోడకు ఇదే రేటు వాడకండి. దాన్ని చదరపు మీటర్లలో కొలుస్తారు, మేస్త్రి రోజులు ఘనపు మీటరుకి చాలా ఎక్కువ పడతాయి, దానికి వేరే డేటా కట్టాలి. పునాదిలో పరంజీ ఉండదు, పై అంతస్తుకు మోత కూలి పెరుగుతుంది. ఆ రెండు చోట్లా ఇటుక, మాలు లెక్క మాత్రం ఇదే.

ధర మారితే రేటు ఎంత మారుతుంది

ఓవర్‌హెడ్, లాభం, సెస్సు మూడూ కలిసి నేరుగా ఖర్చును ఎంత పెంచుతాయో ఒకసారి తీసి పెట్టుకుంటే పని తేలిక.

```
1.08 × 1.075 / 0.99 = 1.173
```

ఇటుక ధర ఒక రూపాయి పెరిగితే 430ని 1.173తో గుణించండి: ఘనపు మీటరుకి ₹504. మేస్త్రి కూలి ₹50 పెరిగితే రేటు ₹59 పెరుగుతుంది. కళాసీ కూలి అదే ₹50 పెరిగితే ₹94, ఎందుకంటే తడుపుడుతో కలిపి 1.61 రోజులు. బేరం ఎప్పుడూ మేస్త్రితోనే ఆడతాం, కళాసీల సంఖ్య మాత్రం అతను చెప్పినంతే ఒప్పుకుంటాం. మాలు కలిపేచోటు గోడకు పది అడుగులు దగ్గరికి జరిపి, ఇటుకను గోడ పొడవునా ముందే పోగులు వేయిస్తే ముగ్గురి పని ఇద్దరు చేసిన రోజులు నా నోటుబుక్కులో ఉన్నాయి. అలాంటి రోజున ఘనపు మీటరుకి అర కళాసీ తగ్గింది, అంటే నేరుగా ఖర్చులో ₹240, రేటులో ₹281.